70 కేజీల కుర్రాడికి రోజుకి ఎంత ప్రోటీన్? 58కీ 154కీ మధ్య లెక్క

మా పిన్ని కొడుకు ఈ మధ్య జిమ్‌లో చేరాడు. ఇరవై మూడేళ్లు, ఎత్తు 175 సెంటీమీటర్లు, బరువు సరిగ్గా 70 కేజీలు. చేరిన వారానికే ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, రోజుకి 154 గ్రాముల ప్రోటీన్ తినాలంట. జిమ్‌లో చెప్పారు. పౌడర్ డబ్బా కొనెయ్యనా?"

వెనక నుంచి పిన్ని గొంతు వినబడుతూనే ఉంది. "రోజూ పప్పు పెడుతూనే ఉన్నాగా! ఇంకేం తక్కువైందంట వీడికి?"

ఆ 154 ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడం తేలికే. అమెరికా జిమ్‌లలో పాతకాలం నుంచీ నడుస్తున్న లెక్క ఒకటుంది: ఒంటి బరువు ఎన్ని పౌండ్లైతే అన్ని గ్రాముల ప్రోటీన్. 70 కేజీలంటే 154 పౌండ్లు, కాబట్టి 154 గ్రాములు. కేజీల్లోకి మారిస్తే కేజీకి 2.2 గ్రాములు. గుర్తుపెట్టుకోవడానికి సులువుగా ఉంది కాబట్టి ఊరూరా పాకింది తప్ప, ఎవరో కొలిచి తేల్చిన అంకె కాదిది.

పిన్ని మాటకీ ఒక అంకె ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి కేజీకి 0.83 గ్రాములు చాలు. 70 కేజీలకి 58 గ్రాములు. మామూలు ఆంధ్రా భోజనంతో ఆ దరిదాపుల్లోకి వెళ్లొచ్చు.

ఒకే మనిషికి ఒకచోట 58, ఇంకోచోట 154. దాదాపు మూడు రెట్లు తేడా. సగటు తీసి 106 అనేస్తే, తమాషాగా అది సరైన జవాబుకి దగ్గరగానే ఉంటుంది. కానీ ఎందుకు దగ్గరో తెలియకపోతే రేపు ఇంకెవరో ఇంకో అంకె చెప్పగానే మళ్లీ టెన్షన్ మొదలు.

0.83 దేనికి చాలుతుంది

ప్రోటీన్ అవసరాన్ని కొలిచే పాత పద్ధతి నత్రజని లెక్క. ప్రోటీన్ బరువులో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది. తిండితో లోపలికెళ్లిన నత్రజని ఎంత, మూత్రం, మలం, చెమటలతో బయటికొచ్చింది ఎంత అని చూస్తారు. రెండూ సమానమైతే ఒంట్లో ప్రోటీన్ పెరగడమూ లేదు, తరగడమూ లేదు. ఆ సమానత్వానికి మధ్యరకం మనిషికి కేజీకి 0.66 గ్రాములు కావాలి. మనుషులందరూ ఒకేలా ఉండరు కాబట్టి, నూటికి తొంభై ఏడుమందికి పైగా సరిపోయేలా కొంచెం పెంచి 0.83 అన్నారు. అదే సంస్థ ఇంకో మాట కూడా చెప్పింది: ధాన్యాలే ముఖ్యంగా తినేవాళ్లకి ఆ ప్రోటీన్ నాణ్యత కాస్త తక్కువ కాబట్టి కేజీకి 1 గ్రాము అనుకోండి అని. అంటే మన 70 కేజీల వాడికి 70 గ్రాములు.

ఇది ఉన్న ఒంటిని ఉన్నట్టుగా నిలబెట్టుకోవడానికి వేసిన లెక్క. వారానికి నాలుగు రోజులు బరువులెత్తి ఒంటిని పెంచుకోవాలనుకునేవాడిని దృష్టిలో పెట్టుకుని వేసింది కాదు. పిన్ని చెప్పేది తప్పు కాదు, కాకపోతే ఆమె జవాబు వేరే ప్రశ్నకి.

అలాగని పెంచుకోవడానికి ఇంకెంత కావాలో కూడికతో తేల్చేద్దామంటే అక్కడ ఒక వింత ఎదురవుతుంది. కండలో మూడొంతులు నీళ్లే. ప్రోటీన్ సుమారు 20 శాతం. కొత్తగా జిమ్‌కి వెళ్లేవాడు బాగా కష్టపడి నెలకి ఒక కేజీ కండ పెంచాడనుకుందాం (అది చాలా మంచి నెల). ఆ కేజీలో ప్రోటీన్ 200 గ్రాములు. ముప్పై రోజులకి పంచితే రోజుకి 7 గ్రాములు కూడా లేదు! ఒక గుడ్డు, అంతే. మరి 58కి 7 కలిపి 65 తింటే సరిపోదా?

సరిపోదు. ఎందుకంటే ఒంట్లో ప్రోటీన్ ఇటుక మీద ఇటుక పేర్చినట్టు పేరుకోదు. 70 కేజీల మనిషి ఒంట్లో రోజుకి పావుకేజీకి పైగా ప్రోటీన్ విరుగుతుంటుంది, మళ్లీ తయారవుతుంటుంది. పాత ఇంటి గోడ కూల్చి, అవే ఇటుకలతో మళ్లీ కడుతున్నట్టన్నమాట. కూల్చిన ప్రతిసారీ కొన్ని ఇటుకలు పనికిరాకుండా పోతాయి. బరువులెత్తితే ఈ కూల్చడమూ కట్టడమూ రెండూ వేగం పుంజుకుంటాయి. తిన్న ప్రోటీన్‌లో కొంత శక్తి కింద ఖర్చైపోతుంది. అందుకే నికరంగా 7 గ్రాములు మిగలాలంటే అంతకి ఎన్నో రెట్లు పైన వేయాల్సి వస్తుంది. ఎన్ని రెట్లు అనేది కాగితం మీద తేలేది కాదు, మనుషుల మీద కొలిచి చూడాల్సిందే.

కొత్తవాళ్ల మీదే కొలిచినప్పుడు

ఈ విషయంలో నాకు బాగా నచ్చే ప్రయోగం 1992 నాటిది. లెమన్ అనే శాస్త్రవేత్త బృందం చేసింది. నచ్చడానికి కారణం, అందులో ఉన్నది ఆరితేరిన బాడీబిల్డర్లు కాదు, అప్పుడే మొదలుపెట్టిన పన్నెండు మంది కుర్రాళ్లు. రోజుకి గంటన్నర, వారానికి ఆరు రోజులు చేయించారు. ఒక నెల కేజీకి 1.35 గ్రాములు, ఇంకో నెల 2.62 గ్రాములు ప్రోటీన్ అందేలా చూశారు. ఏ నెల ఏది తాగుతున్నారో వాళ్లకీ తెలియదు, కొలిచేవాళ్లకీ తెలియదు.

మన 70 కేజీల వాడి భాషలో చెప్పాలంటే ఒక నెల 95 గ్రాములు, ఇంకో నెల 183 గ్రాములు.

నత్రజని లెక్కలో తేడా స్పష్టంగా కనబడింది. 1.35 దగ్గర ఖాతా మైనస్‌లో ఉంది, 2.62 దగ్గర ప్లస్‌లో ఉంది. రెంటినీ కలిపి గీత గీస్తే, ఖాతా సమానమయ్యే చోటు కేజీకి సుమారు 1.43 గ్రాములని తేలింది, అంటే మనవాడికి 100 గ్రాములు. దానికి భద్రత కోసం కాస్త కలిపి 1.6 నుంచి 1.7 తినమన్నారు. కానీ అసలు సంగతి తరవాత ఉంది. నెల తిరిగాక ఎత్తగలిగిన బరువులోనూ, కండ పరిమాణంలోనూ ఆ రెండు నెలల మధ్య తేడా కనబడలేదు. దాదాపు రెట్టింపు ప్రోటీన్ తిన్నా!

ఒక నెల చాలా తక్కువ సమయం, పన్నెండు మంది చాలా తక్కువ మంది. ఆ అభ్యంతరం సరైనదే. అందుకే 2018లో మోర్టన్ బృందం ఇలాంటి ప్రయోగాలు 49 ఏరి, 1,863 మంది లెక్కల్ని ఒకచోట కలిపి చూసింది. ఈ రోజు ఎక్కడ చూసినా వినబడే 1.6 అన్న అంకె గట్టిపడింది ఇక్కడే. ప్రోటీన్ పెంచుతూ పోతే కండ పెరుగుదల కూడా కొంతదూరం పెరుగుతుంది. కేజీకి 1.62 గ్రాముల దగ్గర ఆ గీత చదునైపోతుంది. ఆ పైన ఎంత తిన్నా సగటున అదనపు లాభం కనబడలేదు.

ఇక్కడ ఒక చిన్న అక్షరాల సంగతి ఉంది, జిమ్ గోడల మీద ఎవరూ రాయనిది. ఆ 1.62 గీసినట్టు ఖచ్చితమైన చోటు కాదు. లెక్కలో ఉన్న అనిశ్చితి ప్రకారం అసలు చోటు 1.03 దగ్గర ఉండొచ్చు, 2.20 దగ్గర కూడా ఉండొచ్చు. 70 కేజీలకి 72 నుంచి 154 దాకా. మన ట్రైనర్ గారి 154 ఇక్కడ ఇంకో దారిలో మళ్లీ తగిలింది చూడండి. ఏ పొరపాటూ జరగకూడదనుకునే పోటీ క్రీడాకారుడు ఆ పై చివరని పట్టుకుంటే అర్థముంది. కొత్తవాడికి ఆ అవసరం కనబడదు. ఎందుకంటే అదే విశ్లేషణలో ఇంకో ఫలితం ఉంది: అదనపు ప్రోటీన్ వల్ల వచ్చే లాభం ముందునుంచీ ఎత్తుతున్నవాళ్లలో ఎక్కువ, కొత్తవాళ్లలో తక్కువ. కొత్తవాడి ఒంటికి బరువెత్తడమే పెద్ద కుదుపు. ఏం తిన్నా మొదటి నెలల్లో పెరుగుతాడు.

ఎంత లాభం అన్నది కూడా చూడాలి. సగటున 13 వారాలు సాగిన ఆ ప్రయోగాల్లో, అదనపు ప్రోటీన్ తీసుకున్నవాళ్లకి తీసుకోనివాళ్లకంటే కొవ్వు కాని ఒంటి బరువు 300 గ్రాములు ఎక్కువ పెరిగింది. వాళ్లు ముందునుంచే మనకంటే బాగా ఎక్కువ ప్రోటీన్ తినేవాళ్లు కాబట్టి తేడా చిన్నగా కనబడి ఉండొచ్చు. అయినా సరే, కండలో పెద్దవాటా బార్‌బెల్‌దే, చిన్నవాటా పళ్లెంది.

కాబట్టి మా తమ్ముడికి నేను చెప్పిన లెక్క ఇది. కేజీకి 1.4 కింద పడొద్దు, 1.6 దాటాలని తాపత్రయపడొద్దు. 70 × 1.4 = 98. 70 × 1.6 = 112. గుర్తుపెట్టుకోవడానికి "వంద తగ్గకూడదు" అంటే చాలు. 105 వచ్చినా, 110 వచ్చినా ఒకటే. 154కీ 110కీ మధ్యనున్న 44 గ్రాముల కోసం నెలనెలా డబ్బు పోయడం నాకు వృథా అనిపిస్తుంది.

70 అంటే ఎవరి 70

కేజీ చొప్పున లెక్క వేసేటప్పుడు కేజీ ఏమిటన్నది చాలామంది అడగరు. మా తమ్ముడు 175 సెంటీమీటర్లు, సన్నగానే ఉంటాడు. వాడి 70ని ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు. అదే జిమ్‌లో 160 సెంటీమీటర్ల ఎత్తుండి, బొజ్జతో 70 కేజీలు తూగే ఆయన కూడా ఉంటాడు. ఆయన 70లో కొవ్వు వాటా ఎక్కువ. కొవ్వుకి ప్రోటీన్‌తో పెద్దగా పనిలేదు. అలాంటివాళ్లు తాము చేరాలనుకుంటున్న బరువుతో లెక్క వేసుకోవడం మంచిది. 60 అనుకుంటే 60 × 1.6 = 96. బరువు తగ్గించుకుంటూ ఎత్తుతున్నారు కాబట్టి ఆయన ఈ పై అంకెనే పట్టుకోవాలి. తిండి తగ్గినప్పుడు ఒళ్లు కండని కూడా కరిగించుకుంటుంది, దాన్ని ఆపేది ప్రోటీనూ బరువులూ కలిసి.

పిన్ని వంటింట్లో త్రాసు

లక్ష్యం తేలింది, ఇప్పుడు తింటున్నది ఎంతో తేలాలి. ఇక్కడే లెక్కలన్నీ తప్పేది. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు వంటింటి త్రాసు ఒకటి పట్టుకెళ్లాను. పిన్ని దాన్ని అనుమానంగానే చూసింది.

ఆ రోజు మధ్యాహ్నం పప్పుకి ఆమె పోసిన కందిపప్పు పచ్చిదే తూస్తే 120 గ్రాములు. నలుగురు మనుషులు. తలా 30 గ్రాములు. కందిపప్పులో ప్రోటీన్ వందకి సుమారు 22 గ్రాములు, అంటే మా తమ్ముడి పళ్లెంలోకి పప్పు వల్ల వచ్చింది ఆరున్నర గ్రాములు. "అంతేనా?" అంది పిన్ని. ఆమె గొంతులో కాస్త నొచ్చుకోవడం ఉంది. గిన్నెలో చూస్తే పప్పు నిండుగానే ఉంది మరి. ఆ నిండుదనమంతా నీళ్లు, టమాటా. పప్పుచారు అయితే ఇంకా తక్కువ.

మొత్తం రోజు రాసుకున్నాం. పొద్దున్న నాలుగు ఇడ్లీ, పల్లీ చట్నీ. ఇడ్లీకి 2 చొప్పున 8, చట్నీలో పదిహేను గ్రాముల పల్లీలకి మూడున్నర. మధ్యాహ్నం బాక్సులో 125 గ్రాముల బియ్యంతో వండిన అన్నం, దానికి 10. పప్పు ఆరున్నర, కూర 2, పెరుగు వంద గ్రాములకి 3. సాయంత్రం పాలు ఎక్కువ వేసిన టీ, రెండు బిస్కెట్లు, కలిపి 4. రాత్రి వంద గ్రాముల బియ్యం అన్నానికి 8, కూర 2, ఒక గుడ్డు 6, పెరుగు 3. కూడితే 56.

56ని 70తో భాగిస్తే 0.8. ప్రమాణానికి గీత దగ్గర నిలబడ్డాడు. ఒక మామూలు కుర్రాడిగా పర్వాలేదు, ఎత్తేవాడిగా సగం దూరంలో ఉన్నాడు. పైగా ఆ 56లో ఒక్క అన్నం నుంచే 18 వచ్చింది. బియ్యపు ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పుల్లో లైసిన్ బాగా ఉంటుంది, మెథియోనిన్ తక్కువ. అన్నం పప్పు కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. కాకపోతే పప్పు పేరుకి కాకుండా పప్పులా ఉండాలి.

పెంచడం ఎలాగన్నది పిన్నీ నేనూ కూర్చుని తేల్చాం, వాడు ఫోన్ చూసుకుంటున్నాడు. పొద్దున్న ఇడ్లీ మూడుకి దించి రెండు ఉడికించిన గుడ్లు పెట్టాం, దాంతో 11 కాస్తా 21 అయింది. మధ్యాహ్నం అన్నం బియ్యం 100 గ్రాములకి తగ్గించి, వాడి వాటా కందిపప్పు 50 గ్రాములకి పెంచి, పెరుగు రెట్టింపు చేశాం. అక్కడ 21 పోయి 27 అయింది. సాయంత్రం బిస్కెట్లు తీసేసి, జిమ్ నుంచి వచ్చాక ఒక పెద్ద గ్లాసు పాలు, నలభై గ్రాముల వేయించిన శనగలు. టీతో కలిపి 19. రాత్రి బియ్యం 75 గ్రాములు, కూరగాయల కూర బదులు 30 గ్రాముల మీల్‌మేకర్ కూర, రెండు గుడ్లు, పెరుగు. అది 37 దాకా వచ్చింది. మొత్తం 104, కేజీకి దాదాపు ఒకటిన్నర.

డబ్బా లేకుండానే వచ్చింది. ఆదివారం చికెన్ ఉంటే ఇంకా పైకి పోతుంది. పౌడర్ తప్పని నేననను, ఒక స్కూపులో మామూలుగా 24 గ్రాముల దాకా ఉంటుంది, హాస్టల్లో పప్పుచారు తప్ప ఏమీ దొరకని పిల్లలకి అది నిజంగా అక్కరకొస్తుంది. ఇక్కడ అవసరం పడలేదు, అంతే. మన పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కూడా పౌడర్లు వద్దని చెబుతూ, కేజీకి 1.6 దాటితే వ్యాయామం వల్ల వచ్చే లాభానికి అదనంగా కలిసేది ఏమీ లేదని రాశారు.

పూటకి ఎంత అన్నది కూడా అందరూ అడుగుతారు. కేజీకి 0.4 గ్రాములు, అంటే 28 గ్రాముల చొప్పున నాలుగు పూటలు తింటే సరిగ్గా 112 వస్తుంది, పంచుకోవడానికి అది తేలిక. అంతకుమించి ఒక పూటలో తింటే వృథా అన్నదాన్ని మాత్రం నమ్మనక్కర్లేదు. ఎక్కువ తింటే ఒళ్లు ఎక్కువ సేపు తీసుకుని వాడుకుంటుంది. మా తమ్ముడికి పొద్దున్న 21, రాత్రి 37 వస్తోంది. దాన్ని సమం చేయడానికి నేను తల బద్దలు కొట్టుకోలేదు.

ఎక్కడ తప్పుతుంది

రెండు వారాల తరవాత మళ్లీ ఫోన్. "అన్నయ్యా, నిన్న 140 కొట్టా!" ఎలారా అంటే, మీల్‌మేకర్ ప్యాకెట్ మీద వందకి 52 అని ఉందిగా, నేను 90 గ్రాములు తిన్నా అన్నాడు. తూచింది నానబెట్టి పిండాక. ముప్పై గ్రాముల ఎండు మీల్‌మేకర్ నానితే తొంభై దాకా అవుతుంది. ప్యాకెట్ మీది 52 ఎండు దానికి. వాడు తిన్నది 47 కాదు, 15. ఒక్క తప్పుతో 30 గ్రాములు గాల్లో పుట్టాయి.

ఇదే తప్పు మాంసంలో ఇంకోలా జరుగుతుంది. ఎముక లేని చికెన్ బ్రెస్ట్ పచ్చిది వంద గ్రాములకి సుమారు 22 గ్రాములు. వండాక నీరు పోయి తేలికవుతుంది కాబట్టి, వండినదాన్ని తూస్తే వందకి 30 దాకా వస్తుంది. పచ్చిది తూచి, వండినదాని అంకె వాడితే లెక్క ఉబ్బిపోతుంది. ఇక మనం తెచ్చుకునే కూర ముక్కల్లో ఎముకల బరువు ఉండనే ఉంది, చాలాసార్లు మూడో వంతు దాకా పోతుంది. పావుకేజీ చికెన్ తిన్నానంటే ముప్పై, ముప్పై అయిదు గ్రాముల ప్రోటీన్ అనుకోవాలి, 55 కాదు. పద్ధతి ఒకటే: ఏదైనా పచ్చిగా, ఎండుగా ఉన్నప్పుడే తూచాలి, ఆ అంకెలే వాడాలి. వారం రోజులు ఇలా చేస్తే తరవాత త్రాసు అక్కర్లేదు, కళ్లకే తెలిసిపోతుంది.

ఇంకో ఇబ్బంది కడుపుది. శనగలు, మీల్‌మేకర్, పప్పు ఒక్కసారిగా పెంచితే గ్యాస్, ఉబ్బరం వస్తాయి. మావాడు రెండో రోజే ఆఫీసులో ఇబ్బంది పడ్డాడట. ప్రోటీన్ పడలేదని మానేయడం కాదు, ఒక్కోదాన్ని వారానికొకటి చొప్పున కలుపుకుంటూ రావాలి, నీళ్లు బాగా తాగాలి.

అప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఈ లెక్కలేవీ వర్తించవు. వాళ్లకి ప్రోటీన్ ఎంతో చెప్పాల్సింది డాక్టరే. షుగరు, బీపీ చాలాకాలంగా ఉన్నవాళ్లు ముందు పరీక్ష చేయించుకుని అప్పుడు పెంచుకోవాలి. కిడ్నీలు బాగున్నవాళ్లకి కేజీకి 1.6తో హాని జరిగినట్టు ప్రయోగాల్లో కనబడలేదు.

చాలుతోందో లేదో తెలుసుకోవడానికి అద్దం అంత నమ్మకస్తురాలు కాదు. ఎత్తిన బరువులు రాసుకునే పుస్తకం, వారానికొకసారి పొద్దున్నే చూసిన బరువు, నడుము చుట్టుకొలత, ఈ మూడూ కలిపి చదవాలి. బరువులు పెరుగుతూ, నడుము అలాగే ఉండి, ఒంటి బరువు మెల్లగా పెరుగుతుంటే అంతా సవ్యమే. నడుము కూడా పెరుగుతుంటే ప్రోటీన్ కాదు, మొత్తం తిండి ఎక్కువైంది. పాలూ శనగలూ కలిపి, అన్నం తగ్గించకపోతే ఇదే జరుగుతుంది. ఒంటి బరువు కదలక, ఎత్తే బరువులూ ఆగిపోతే ముందు అనుమానించాల్సింది మొత్తం తిండి, నిద్ర. 104 ఉన్న ప్రోటీన్‌ని 140 చేస్తే అది తీరదు.

ఎనిమిదో వారం మావాడు బరువు చూసుకుని మెసేజ్ పెట్టాడు. 71.5 అయ్యాడు, నడుము కదల్లేదు. ఇప్పుడు 71.5తో మళ్లీ లెక్క వేయాలా అని అడిగాడు. వేస్తే పెరిగేది 2.4 గ్రాములు, అర గుడ్డు కూడా కాదు. 75 దాటాక అడగమన్నాను.